ఒరిజినల్ ఫైలుకి, కాపీ పేషంటుకి

భద్రాచలం వైపు ఒక చిన్న దవాఖానాలో, ఎనభైల్లో, నేను చేసిన ఉద్యోగం పేరు రికార్డు అసిస్టెంటు. పని మాత్రం పోల్చి చూడడం. డాక్టరు చేత్తో రాసిన డిశ్చార్జి సమ్మరీని ఒక చేత్తో, టైపు అయి వచ్చినదాన్ని ఇంకో చేత్తో పట్టుకుని, టైపిస్టు చెడగొట్టింది మాత్రమే బాగుచేయాలి. డాక్టరు రాసింది తప్పని నాకు అనిపించినా సరే, ముట్టుకోకూడదు. అనుమానం ఉంటే అంచున పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి ఆయన దగ్గరికి పంపాలి. నేను డాక్టర్ని కానని రోజూ గుర్తుచేసే ఉద్యోగం అది.

మా టైపిస్టు తహసీల్దారు ఆఫీసు నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాడు. వేళ్ళు గాలిలా పరుగెత్తేవి. కాని భూములు తప్ప ఇంకేమీ కొలవని చోట పెరిగాడు కనుక, యూనిట్లంటే అతనికి లెక్కలేదు. అంకె సరిగా ఉంటే చాలు, దాని పక్కన ఏ అక్షరాలుంటే ఏమిటన్నది అతని సిద్ధాంతం. అతని దయవల్ల మా వార్డులో నలభై రెండు మిల్లీగ్రాముల బరువున్న మనుషులు మంచాల మీద పడుకుని గంజి తాగేవారు.

ఆ రోజు సమ్మరీ చర్ల దాటి లోపలి ఊరి నుంచి వచ్చిన ఒకామెది. గుండె కవాటం దెబ్బతిని, కాళ్ళు వాచి, ఊపిరాడక మంచం మీద మోసుకొస్తే చేర్చుకున్నాం. ఇప్పుడు నడుస్తోంది. ఇంటికి వెళ్ళాక వాళ్ళ దగ్గరి హెల్త్ సెంటరు కాంపౌండరు ఈ కాగితం చూసే మందులివ్వాలి. అందులో డిజాక్సిన్ ఉంది. గుండెను నిలబెట్టే మాత్ర అది. మోతాదు కాస్త మించితే అదే గుండెను తడబడేలా చేసి ఆపేస్తుంది.

డాక్టరు రాసింది ఇది: డిజాక్సిన్ .25 ఎం.జి., ఓ.డి., 5/7. అంటే పావు మిల్లీగ్రాము, రోజుకొకసారి, వారంలో ఐదు రోజులు. చుక్క ముందు సున్నా రాసే అలవాటు ఆయనకు లేదు. ఒకసారి అడిగాను కూడా, సున్నా పెట్టమందామా అని. "నా చుక్క మీద నీకు నమ్మకం లేదా?" అని నవ్వారు. అంతటితో సున్నా సంగతి ముగిసింది.

టైపు అయి వచ్చిన కాగితంలో రక్తపోటు మిల్లీగ్రాముల్లో ఉంది. బరువు సంగతి చెప్పనక్కర్లేదు. ఐదు బై ఏడును మనవాడు జూలై ఐదో తారీఖు చేసి, సంవత్సరం కూడా తగిలించాడు. మూడింటి కిందా గీతలు గీసి వెనక్కిచ్చాను.

"ఏంది మేడం, అంకెలన్నీ కరెక్టే ఉన్నయి గద!" అన్నాడు.

"అంకెలు కరెక్టే. మనిషే పోయింది," అన్నాను.

మళ్ళీ కొత్త కాగితం, కింద కార్బను, దాని కింద పల్చటి కాగితం పెట్టి టైపు చేశాడు. ఒరిజినల్‌ని అక్షరం అక్షరం పోల్చాను. అన్నీ సరిపోయాయి. డాక్టరు రెండింటి మీదా సంతకం చేసి, క్యాంపుకని జీపెక్కి అడవిలోకి వెళ్ళిపోయారు.

మా ఆఫీసు ఆచారం ఒకటుంది. ఒరిజినల్ ఫైలుకి, కాపీ పేషంటుకి. ఒరిజినల్‌ని అడిగేది ఆడిట్ వాళ్ళు. కాపీని అడిగేది రోగం ఒక్కటే కదా! కాపీని ఎవరూ పోల్చరు కూడా. కాపీ కనుక అది ఒరిజినల్ లాగే ఉంటుందని నమ్మకం.

కాపీ మీద ముద్ర వేయబోతూ ఆగిపోయాను. మాత్ర పేరుకీ, అంకెకీ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంది. ఆ ఖాళీలో చుక్క ఉండాలి. లేదు. ఇరవై ఐదు ఎం.జి. అని తాపీగా కూర్చుంది. ఒరిజినల్ చూస్తే చుక్క చక్కగా ఉంది. గట్టిగా కొడితే ఫుల్‌స్టాపు కాగితాన్ని చిల్లు పొడుస్తుందని మంచి టైపిస్టులు దాన్ని మెల్లగా కొడతారు. మావాడు మంచి టైపిస్టు. చుక్క కార్బను దాకా దిగలేదు.

పెన్ను తీశాను, మూత పెట్టేశాను. సంతకం అయ్యాక మందు అంకె మీద గుమాస్తా పెన్ను పడకూడదు. ఆ నియమం మీద నాకు కోపం లేదు. ఈరోజు నేను చుక్క పెడితే, రేపు ఇంకొకరు సున్నా పెడతారు.

కాపీ పట్టుకుని హెడ్ క్లర్కు దగ్గరికి వెళ్ళాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, ఫైళ్ళంటే ప్రాణం.

"ఒరిజినల్లో చుక్క ఉందా, లేదా?"

"ఉందండీ."

"మరింకేంటమ్మా? రెండూ ఒకటే. ఇరవై ఐదు మిల్లీగ్రాముల డిజాక్సిన్ మాత్ర ప్రపంచంలోనే లేదు. కాంపౌండరుకి ఆ మాత్రం తెలీదా?"

"తెలియకపోతేనో?"

"డాక్టరు గారొచ్చాక ఇనీషియల్ వేయించి రేపివ్వు."

ఆ పేషంటూ, ఆమె భర్తా గుమ్మం బయటే మూటతో నిలబడి ఉన్నారు. భర్త తల లోపలికి పెట్టాడు. "అమ్మా, జల్దీ ఇయ్యరాదే. బస్సు పోతే మల్లా రేపే. నా పెండ్లాం ఈడ నేల మీద పండుకోలేదు."

ఆమె నా వంక చూసి నవ్వింది. కాళ్ళు వాయక ముందు కూడా అలాగే నవ్వి ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది. టైపిస్టు మీదా కాదు, డాక్టరు మీదా కాదు, ఆ 'రెండూ ఒకటే' మీద.

ఫైల్లోంచి ఒరిజినల్ తీసి, దాని మీద ముద్ర వేసి, అతని చేతిలో పెట్టాను. కాపీ అంచున పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి ఫైల్లో తగిలించాను.

హెడ్ క్లర్కు కుర్చీలోంచి లేచాడు. "ఏంటమ్మా నువ్వు చేసేది! ఒరిజినల్ బయటికి పోతోంది!"

"రెండూ ఒకటేనని మీరే అన్నారు కదండీ," అన్నాను.

మర్నాడు డాక్టరు ఫైల్లో కాపీ చూసి, చుక్క పెట్టి ఇనీషియల్ వేశారు. నాకు మాత్రం మెమో వచ్చింది. అందులో చుక్క ప్రస్తావన లేదు. ఒరిజినల్ ఏ అధికారంతో ఆఫీసు దాటిందో సంజాయిషీ ఇవ్వాలట. ఇచ్చాను. దాని ఒరిజినల్ వాళ్ళకి పంపి, కాపీ నేను ఉంచుకున్నాను.

వానలు వెళ్ళాక ఆమె మళ్ళీ పరీక్షకు వచ్చింది. బస్టాండు నుంచి నడిచే వచ్చింది. భర్త ప్లాస్టిక్ సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. హెడ్ క్లర్కు ముఖం వెలిగిపోయింది. తప్పిపోయిన ఒరిజినల్!

"ఇలా ఇచ్చెయ్యి బాబూ. ఇది ఆఫీసుది. నీకు కాపీ ఇస్తాం."

భర్త కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. "ఇయ్య సారూ. మా కాడ కాంపౌండరు ఎప్పుడు మారినా గీ కాయితమే జూస్తడు. మొన్నొచ్చిన కొత్త పిల్లగాడైతే, కాయితంల ఎంత రాసుంటే గంతే ఇస్తా, నాకేం ఎరుక అన్నడు."

హెడ్ క్లర్కు చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఆమెకి కూర్చోమని కుర్చీ చూపించాడు. ఆ తర్వాత సమ్మరీలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు, పోల్చమని కాపీలే పైన పెట్టి పంపేవాడు.