తొమ్మిది ఫోటోలు, ఒక ఆఫీసరు బొజ్జ

నా భర్త చనిపోయిన తొమ్మిదో నెలలో మా పెద్దకొడుకు ఆయన జ్ఞాపకంగా ఒక వీడియో చేయించాడు. నాకు చెప్పకుండా చేయించాడు. చెప్పి ఉంటే వద్దనేదాన్ని కాదు, ఎలా ఉండాలో చెప్పేదాన్ని. అందుకే చెప్పలేదేమో.

వీడియో మా ఇంటికి కాదు, ధర్మవరంలో ఉన్న మా వదినకు. ఆమె నా భర్తకు అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంక దించకుండా పెంచింది. ఆయన పెనుకొండలో మా ఇంట్లో కన్నుమూసిన రోజు ఆమె తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. కడసారి చూపు దక్కలేదు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో మిగిలిన చూపు కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పాడు. చేతిలో పెట్టే ఫోటో ఆమెకు ఉత్త బూడిద రంగు కాగితం. టీవీలో పెద్దగా వేస్తే తమ్ముడి మొహం ఒక్కసారి చూసుకుంటానని అడిగింది. ముసలితనంలో ఫోన్లో తీసినవి చూపిస్తామంటే వద్దంది. "జబ్బు మొహం నాకెందుకే? పెండ్లినాటి వాణ్ణి చూపియ్యి" అంది.

ఆ కాలం నాటి ఫోటో మాకు ఒకటే ఉంది. ఆయన హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో తూకం వేసేవాడు. ఒక ఆఫీసరు బదిలీ మీద వెళ్తుంటే సిబ్బంది అందరినీ నిలబెట్టి తీసిన గుంపు ఫోటో అది. మొత్తం వీడియోకు పనికొచ్చినవి తొమ్మిది ఫోటోలు. మా కొడుకు గోడ మీదున్న వాటిని గోడ మీదే ఫోన్‌తో ఫోటో తీసి, ఆ ఫోన్ నుంచే హిందూపురంలోని ఒక స్టూడియోకు పంపేశాడు. ఫ్రేమ్ దించడానికి కుర్చీ ఎక్కాలి కదా, అంత కష్టం ఎందుకని.

సరే, పెన్ డ్రైవ్ తెచ్చి ధర్మవరంలో వదిన మంచానికి ఎదురుగా టీవీకి పెట్టాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

మొదట గులాబీ రేకులు రాలాయి. తర్వాత రెండు దీపాలు వెలిగాయి, అవి ఎంతసేపైనా ఒకేలా ఊగుతాయి. మధ్యలో హృదయం ఆకారంలో నా భర్త. ఆ మనిషి బతికినన్నాళ్లూ జేబులో పువ్వు పెట్టుకున్న పాపాన పోలేదు. ఒక ఫోటో గిర్రున తిరిగి వచ్చింది, ఇంకొకటి పుస్తకం పేజీలాగా మడిచిపోయింది, మూడోది తునకలు తునకలై ఎగిరిపోయింది. మెరుపులు, నక్షత్రాలు. పెండ్లి వీడియోలో వధువు నగల మీద చల్లే మెరుపులే అవి, మిగిలినవి మాకు చల్లినట్టున్నారు. ప్రతి ఫోటోలోకీ కెమెరా ఎవరో వెనక నుంచి తోసినట్టు దూసుకుపోయేది. మనం మొహం వెతుక్కునేలోపే తర్వాతది.

గుంపు ఫోటో వచ్చింది. అందులోకీ దూసుకుపోయింది. ఎక్కడికి? సరిగ్గా నడుమకు.

ఆ కాలంలో గుంపు ఫోటో అంటే ఒక పద్ధతి ఉండేది. నడుమ కుర్చీలో ఆఫీసరు, మెడలో దండ. అటూ ఇటూ గుమాస్తాలు. వెనక నిలబడేవాళ్లలో జీతం తగ్గేకొద్దీ అంచుకు జరుగుతారు. నా భర్త వెనక వరుసలో ఎడమవైపు చిట్టచివర, భుజం సగం ఫోటో అంచుకు తగిలి నిలబడ్డాడు. వీడియో చేసినవాళ్లు అన్ని ఫోటోలకూ ఒకే మీట నొక్కారట. అది ఏ ఫోటో అయినా నడుమకే పోతుందట. అలా పోయి పోయి ఆఫీసరు కోటు గుండీల మీద, గుండీల వెనక బొజ్జ మీద ఆగింది. తెర నిండా ఆయనే. మీద రేకులు రాలుతున్నాయి. కింద 'మిస్ యూ నాన్న'.

వదిన కళ్లు చికిలించి చూసింది. చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"నాయనా, ఎంత ఒళ్లు చేసినావురా! నేను పెట్టిన కూడు ఎప్పుడన్నా ఇట్ల ఒంటికి పట్టిందా నీకు?" అని ఏడ్చింది.

మా కొడుకు నేలచూపులు చూస్తున్నాడు. చెప్పే పని నాకే మిగిలింది.

"వదినా, ఆ మనిషి నీ తమ్ముడు కాదు. ఆఫీసరు."

"మరి నా తమ్ముడు యాడ?"

"బొమ్మ బయట ఉండాడు."

ఆమె ఏడుపు ఆగిపోయింది. అంతకుముందే కారిన కన్నీళ్లు ఎవరికో కార్చినందుకు సిగ్గుపడినట్టు గబగబా తుడుచుకుంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. "చూపు పోకముందు తీసుకురాండి. పోయినాక తెచ్చి ఏం చేసుకోవాల?" అంది, అంతే.

మరునాడే కుర్చీ నేనే ఎక్కి ఫ్రేమ్ దించాను. పాత చీరలో చుట్టి, మజ్జిగ సీసా సంచిలో పెట్టుకుని పెనుకొండలో హిందూపురం రైలెక్కాను. మా కొడుకు వెంట వచ్చాడు, దోషి కోర్టుకు వచ్చినట్టు.

స్టూడియో నడిపేది నలభై దాటిన మనిషి. నేను కూర్చోకముందే అడిగాను.

"ఏమబ్బా, మీ మిషన్‌కు ఆఫీసర్లంటే అంత ముద్దా?"

అతను సంగతంతా విని నవ్వలేదు. అది నాకు నచ్చింది. "అవ్వా, అందరూ ఇట్లే అడుగుతారు. పూలు వెయ్యకపోతే, యామీ చెయ్యలేదు కదా, ఊరికే ఫోటోలు అతికించినావు అంటారు" అన్నాడు.

"నేను ఊరికే ఫోటోలు అతికించమనేదానికే వచ్చినా."

ఫ్రేమ్ విప్పాక తెలిసింది. ఎప్పటి వానకు కారిన చెమ్మకో ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంది. మా కొడుకు మూల పట్టుకుని లాగబోయాడు. స్టూడియో మనిషి చెయ్యి పట్టేసుకున్నాడు. "లాగితే మొహం అద్దానికే ఉండిపోతాది అన్నా!" అన్నాడు. అద్దంతోనే స్కాన్ చేయాలన్నాడు. అతని దగ్గర రెండు స్కానర్లున్నాయి. సన్నటి కొత్తది అద్దం మందానికే మసకబారుతుంది. మూలనున్న పాత బరువైనది కాస్త ఎత్తులో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూడగలదు. కొత్తది పక్కన పెట్టి పాతదాన్ని నమ్మేవాడు ఈ కాలంలో ఒకడు కనిపించాడు.

అద్దం మీద పొగనూ, పండగలకు నేను పెట్టిన కుంకుమ బొట్లనూ తుడిచాడు. మా కొడుకు పంపిన బొమ్మను తెర మీద పెద్దది చేసి చూపించాడు. నా భర్త మొహం నాలుగు గళ్ల బట్టలా ఉంది, దాని మీద ట్యూబ్‌లైటు మెరుపు అడ్డంగా. "దీన్ని ఎంత దగ్గరికి తెచ్చినా గళ్లే వస్తాయి అవ్వా. మొహం కందిపప్పు బ్యాడంత ఉండాది. మామూలుగా మూడు వందలు పెట్టి స్కాన్ చేస్తాం. దీనికి పన్నెండు వందలు పెట్టాల" అన్నాడు. రూపాయలు కాదు, అంగుళానికి అన్ని చుక్కలట. పాత పెద్ద కెమెరాతో తీసిందని, కాగితంలోనే వివరం దాగి ఉందని అన్నాడు. నిజమే. స్కాన్ అయ్యాక నా భర్త చొక్కా రెండో గుండీ ఊడిన చోట పిన్నీసు కనిపించింది. ఆ పిన్నీసు పెట్టింది నేనే. ఫోటో రోజున సూది దొరకలేదు.



అతను మొదటిసారి నాలుగు సెకన్లలో మొహం దగ్గరికి తెచ్చాడు.

"ఏమబ్బా, అప్పు వసూలు చేసేవాని మాదిరి ఉరుకుతాండావు. తమ్ముణ్ణి చూసేకి పోయే అక్క అట్ల ఉరుకుతుందా?"

"మరి ఎట్ల పోతుంది?"

"వాకిట్లో ఒక్క నిమిషం నిలబడి ఎవరెవరుండారో చూసుకుంటుంది. తర్వాత మెల్లిగా పోతుంది. పోయి ఎదురుగా నిలబడి గమ్మునుంటుంది."

అతను తల ఊపి, మళ్లీ చేశాడు. ఫోటో మొత్తం రెండు సెకన్లు కదలకుండా ఉంచాడు. తర్వాత కెమెరా పోయి ఆగాల్సిన గుర్తును నడుమ నుంచి తీసి నా భర్త మొహం మీద పెట్టాడు. తొమ్మిది సెకన్లు, కదిలిందో లేదో తెలియనంత నెమ్మదిగా మొదలై, ఆగేటప్పుడు కూడా నెమ్మదించి ఆగేలా. అంత నెమ్మదిగా పోతే బొమ్మ సన్నగా వణుకుతుందని, వణకకుండా పెద్ద కొలతలో చేసి తర్వాత చిన్నది చేశాడు.

అప్పుడు చిక్కు వచ్చింది. నా భర్తను తెర నడుమకు తేవాలంటే ఎడమవైపు ఫోటోయే లేదు. అక్కడ నల్లగా ఖాళీ.

"ఆ ఖాళీలో అదే బొమ్మను మసకగా చేసి నింపుతాం అవ్వా. అందరూ అట్లే చేస్తారు" అన్నాడు.

"లేని చోటు ఎందుకు కుట్టేది? అంచున నిలబడినోణ్ణి అంచులోనే ఉండనీ."

ఫోటో అంచు దగ్గర తెర అంచు ఆపాడు. నా భర్త తెర ఎడమవైపు నిలబడ్డాడు, పక్కన తోటి తూకం మనిషి. ఆ మనిషి మొహం చెవి దగ్గర తెగుతుంటే, కాస్త వెనక్కి జరిపి పూర్తిగా ఉంచాడు. సగం మొహం పెట్టడం కంటే అసలు లేకపోవడం మేలు. మిగిలిన ఎనిమిదింటిలో మూడింటిని అసలు కదపవద్దన్నాను. త్రాసు పట్టుకున్న ఫోటోలో చేతి దగ్గర మొదలుపెట్టి మెల్లిగా వెనక్కి వచ్చి మనిషిని చూపించాడు, అది అతని సొంత ఆలోచన, బాగుంది. ఒక బొమ్మలో నుంచి ఇంకొకటి మెల్లిగా కరిగి వచ్చింది. రేకులు లేవు, దీపాలు లేవు, పాట లేదు.

"పాట కూడా లేదా మా? జనం ఏమనుకుంటారు?" అన్నాడు మా కొడుకు.

"మీ అత్త మాట్లాడుతుందిలే. పాట ఎందుకు?"

ఆ వారమే మళ్లీ ధర్మవరం పోయాం. వదిన మంచం మీద దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. గుంపు ఫోటో వచ్చింది. ఆఫీసరు నడుమ కూర్చునే ఉన్నాడు, ఈసారి ఎవరూ ఆయన దగ్గరికి పోలేదు. కోట్లూ కుర్చీలూ కుడివైపుకు జరిగిపోతున్నాయి. వదిన మెడ కొంచెం ముందుకు చాచింది. మొహం పెద్దదవుతూ వచ్చి ఆగింది.

"వాడే" అంది. "ఆ ఎడమ చెవి చూడు, చాటంత. వాడే." ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది. "ముందుకొచ్చి నిలబడరా అంటే ఏనాడు విన్నావురా నువ్వు? బడిలో అంతే, బువ్వ దగ్గరా అంతే. ఆ బోడి ఆఫీసరు కంటే నువ్వేం తక్కువ..."

మాట పూర్తికాకుండానే బొమ్మ కరిగి తర్వాతది వచ్చింది.

"యాడికి పోయినాడు? పిలువు!"

మా కొడుకు వెనక్కి తిప్పి ఆపాడు. ఆపితే టీవీవాళ్ల గుర్తు ఒకటి, గీత ఒకటి వచ్చి సరిగ్గా గడ్డం మీద కూర్చున్నాయి. అది తీయమని వదిన తిట్టింది. మళ్లీ ఆడించాం. నాలుగుసార్లు ఆడించాం. నాలుగుసార్లూ ఆమె తిట్టు సగంలో ఉండగానే తమ్ముడు వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను పెనుకొండలో దిగలేదు, నేరుగా హిందూపురం పోయాను. మొహం దగ్గరికి పోయి ఆగాక ఎంతసేపు నిలుస్తుందని స్టూడియో మనిషిని అడిగాను. మూడు సెకన్లన్నాడు.

"ఇరవై చెయ్యి."

"అవ్వా, ఇరవై సెకన్లు కదలకుండా పెడితే టీవీ చెడిపోయిందనుకుంటారు!"

"అనుకునేవాళ్లకు కాదులే ఇది."

చేసి ఇచ్చాడు. ఇప్పుడు ధర్మవరంలో నా భర్త ఇరవై సెకన్లు నిలబడి అక్క తిట్లు పూర్తిగా వింటున్నాడు. వదినకు అదీ చాలదట.