వత్తి నానేదాకా

గురజాలలో కిరాణా కొట్టు నడిపిన కోటిలింగానికి ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే దురలవాటు లేదు. గిరాకీ నోరు తెరిచేలోపే వాళ్లకేం కావాలో ఆయనే తేల్చి, తూచి, పొట్లం కట్టి చేతిలో పెట్టేవాడు. మనిషి నడక చూసి ఇంట్లో ఏ డబ్బా ఖాళీ అయిందో చెప్పగలనని ఆయన నమ్మకం. ఆ దివ్యజ్ఞానం పుణ్యాన ఆవాలకొచ్చినవాళ్లు అటుకులతో వెళ్లేవారు.

పక్కసందులో బట్టలు కుట్టే బీబీకి మాత్రం ఎప్పుడూ శనగలే. ఆమెకు నత్తి. "అన్నా, నా... నాకు" అనేసరికే అరకిలో పొట్లంలో పడేవి.

ఎదురుగా అద్దాల మార్టు తెరిచారు. అక్కడ ఎవరూ మాట్లాడరు కాబట్టి ఎవరి మాటా తెగదు. జనం అటు మళ్లారు. ఇట్లాగే ఉంటే దసరాకల్లా షట్టరు దించాల్సిందేనని భార్య కోటేశ్వరమ్మకు అర్థమైంది. కోటిలింగం మాత్రం తప్పంతా అద్దాలదన్నాడు.

కొట్లో సందెదీపం రోజూ ఆమే పెట్టేది. దీపం నిలిచేదాకా త్రాసు ముట్టకూడదన్నది మామగారి కాలం నాటి ఆనవాయితీ. ఆలోచించి ఆ పని మొగుడికి అప్పగించింది.

ఆయన పొడివత్తిని నూనెలో పడేసి వెంటనే పుల్ల గీశాడు. నూనె కొసదాకా ఎక్కనేలేదు. దూదే కాలి, నల్లబడి, ఆరిపోయింది. మర్నాడు తెలివికొద్దీ కొసన కర్పూరం పెట్టాడు. భగ్గుమని వెలిగి, కర్పూరంతోపాటే పోయింది. ఆ తర్వాత ఎట్లాగో వెలిగినదాన్ని ఫ్యాను మింగింది. త్రాసు కదలకపోయేసరికి ఉన్న గిరాకీ కూడా రోడ్డు దాటింది.

కోటేశ్వరమ్మ ఓపిగ్గా చెప్పింది: ఫ్యాను ఆపాలి, రెండు పోగులు కలిపి పేనాలి, నువ్వులనూనెలో తిప్పి ముంచాలి, కొస ప్రమిద అంచుకు లాగాలి, అది తడిసి మెరిసేదాకా ఆగాలి.

"ఏమే, పొద్దున్నే నానేస్తే పోలా?"

"వత్తి నానుద్ది. మీరు నానరు."

అప్పట్నుంచి సాగర్ కాలువకు నీళ్లెప్పుడొస్తాయా అని చూసే రైతులా ప్రమిద ముందు కూర్చునేవాడు. చేతులకు పనిలేక చెవులు పనిచేయడం మొదలుపెట్టాయి. కందిపప్పు అడిగినవాడికి కందిపప్పే దొరికిందన్న వింత బజారంతా పాకింది. దాన్ని చూడ్డానికైనా కొందరు తిరిగొచ్చారు.

ఒక సందెవేళ బీబీ వచ్చింది. ఆమె నోరు తెరవగానే సోడా తాగుతున్న కుర్రాళ్లిద్దరు కిసుక్కున నవ్వారు. కోటిలింగం చెయ్యి దానంతటదే శనగల డబ్బా మీదికి పోయి, ఆగింది. వత్తి ఇంకా నానలేదు. చేసేదిలేక కుర్రాళ్లకేసి కళ్లురిమి చూశాడు. నవ్వు సోడాలో కలిసిపోయింది.

ఇన్నాళ్లూ ఆ నవ్వు బీబీకి వినపడకూడదనే ఈయన శనగలు గలగలలాడించాడని కోటేశ్వరమ్మకు అప్పుడు తెలిసింది.

బీబీ నిదానంగా పూర్తిచేసింది. "అన్నా, నా... నాకు శనగలు ప... పడవు."

"మరి ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?"

"నువ్వు ము... ముచ్చటపడి ఇస్తన్నావని తీసుకపోయా. నానేసి కో... కోళ్లకేశా."

కోటిలింగం పుల్ల గీశాడు. దీపం కదలకుండా నిలిచింది. స్టూలు జరిపి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు తల్లీ. నీకేం కావాలి?"

ఆమెను చివరిదాకా చెప్పనిచ్చాడు. అడిగింది చింతపండు.

మనసులో మాత్రం అప్పటికే బెల్లం తూచేశాడు.