కోడి కోసిన బోర్డు

మహబూబాబాద్‌లో హాస్టల్ వంటవాళ్లకు పెట్టిన శిక్షణ చివరి రోజు, ముందుకూ వెనక్కూ కదల్లేకుండా ఇరుక్కుపోయాను. నెల్లికుదురు దగ్గర మా హాస్టల్ నుంచి ఇద్దరం వచ్చాం. నేను, పెద్దవంట చేసే అక్క. వార్డెన్‌ను బతిమాలి నన్ను ఆ పనిలో పెట్టించింది ఆమే. పరీక్ష తప్పితే కాంట్రాక్టు పొడిగించరని ముందే చెప్పేశారు.

ప్రశ్న అందరికీ ఒకటే. కోడి కోసిన బోర్డు మీదే కీరా కోయాలి, ఏం చేస్తావో వరుసగా చేసి చూపించు. బల్ల మీద బోర్డు, బ్రష్షు, సబ్బునీళ్లు, మంచినీళ్లు, క్లోరిన్ నీళ్లు పెట్టారు. పక్కనే ఫినాయిల్ డబ్బా కూడా. అది మమ్మల్ని తప్పులో పడెయ్యడానికే పెట్టారని నాకు తెలుస్తూనే ఉంది. ముందు పిలిచింది అక్కను. ఫినాయిల్ వాసన రానిదే వంటగది కడిగినట్టు ఒప్పుకోని వార్డెన్ మాది. అక్క బోర్డును చక్కగా తోమి కడిగి, చివర్లో ఎంతో నమ్మకంగా ఫినాయిల్ పోసింది.

శిక్షణ ఇచ్చే సార్ కసురుకోలేదు. కడగడమంటే మురికి, జిడ్డు పోగొట్టడమని, శానిటైజ్ అంటే కడిగాక మిగిలిన క్రిములను తిండి తగిలే చోట ప్రమాదం లేనంతగా తగ్గించడమని మళ్లీ చెప్పాడు. క్రిములను గట్టి మందుతో చంపే డిస్‌ఇన్‌ఫెక్ట్ పని పాయిఖానాకు, వాంతి చేసుకున్న నేలకు. ఫినాయిల్ అక్కడే ఉండాలి, బోర్డు మీదికి రాకూడదు. అక్కను వెనక నిలబడి చూసి నేర్చుకోమన్నాడు. నా పేరు పిలిచాడు.

నాకు ఒళ్లు మండింది. సరిగ్గా చేస్తే అక్కను అందరి ముందు ఇంకోసారి చిన్నబుచ్చినట్టు. తప్పు చేస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

బోర్డుకు అంటిన మాంసం తునకలు గీకేశాను. సబ్బునీళ్లతో తోమాను. నురగంతా పోయేదాకా మంచినీళ్లతో కడిగాను. కొలత ప్రకారం కలిపిన క్లోరిన్ నీళ్లలో ముంచి చెప్పినంతసేపు ఉంచాను. తీసి వాలుగా నిలబెడితే నీళ్లు కారుతున్నాయి. తడి కనబడితే కొంగుతో తుడవడం మా చేతులకు పట్టిన అలవాటు. నా చెయ్యి కూడా కొంగు కోసం పోయింది. లాగితే రాలేదు.

వెనక నుంచి అక్క దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"తుడవకు, ఆరనియ్యి," అంది, నాకు మాత్రమే వినబడేలా.

గుడ్డ తగిలితే క్రిములు మళ్లీ అంటుకుంటాయని అప్పుడు గుర్తొచ్చింది. చేతులు కట్టుకుని నిలబడ్డాను. పాసయ్యాను.

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చాలా దూరం పోయాక, "గీకుడు, తోముడు, కడుగుడు, ముంచుడు, ఆరబెట్టుడు. గంతే గదా?" అనడిగింది. గంతే అక్కా అన్నాను. ఏడుపొచ్చింది. తప్పినవాళ్లకు వచ్చే వారం ఇంకోసారి పరీక్ష పెడతారట. పాసైనవాళ్లను లోపలికి రానివ్వరట.

ఆ రోజు ఆమె వెనక నేను ఉండను.