ఆ ముప్పై రెండు వేలు ఎటు పోయినట్టు?

బస్సులో కూర్చుని ఆలోచించకుండా పెట్టిన ఒక బొటనవేలు బొమ్మ నా ఉద్యోగం మీదికి తెచ్చింది.

అప్పట్లో నేను అశ్వారావుపేటలో ఒక వెల్డింగ్ షెడ్డులో బిల్లులు రాసేదాన్ని. ఇంటర్‌తో ఆగిన చదువు, మూడు నెలల కంప్యూటర్ కోర్సు, ఊరికే ఉండని నోరు. అంతే నా అర్హతలు. యజమానిని అందరం చాచా అనేవాళ్లం. ట్రాక్టర్ ట్రాలీలకు రేకులు వేయడంలో ఆయన చేతిపని బాగుంటుందని దమ్మపేట నుంచి కూడా వచ్చేవారు.

పామాయిల్ తోటలున్న ఒక పెద్దాయన ట్రాలీకి అడుగు రేకు మార్పించుకున్నాడు. బిల్లు ముప్పై రెండు వేలు. వారం తర్వాత “డబ్బులు వేశానమ్మా” అని వాట్సాప్‌లో పెట్టాడు. నేను బస్సులో ఉన్నాను. ఖాతా చూడకుండానే బొటనవేలు బొమ్మ కొట్టేశాను.

నెలాఖరున బిల్లులన్నీ బ్యాంకు లెక్కతో సరిచూస్తుంటే ఆ ఒక్కటీ తేలలేదు. ఫోన్ చేశాను.

“ఏంటమ్మా నువ్వు? వేశానని చెప్పాను, నువ్వు సరేనన్నావు. మళ్లీ అడుగుతున్నావేంటి?”

“పైసలైతే పడలేదయ్యా. మీ ఫోన్ల ఒకపారి చూస్తరా?”

“ఆ ఫోను పోయి పది రోజులైంది, డబ్బు పంపే యాప్ కొత్తదాంట్లో ఇంకా పెట్టించలేదు. నీ బొటనవేలు మాత్రం కొత్త ఫోన్లో కూడా భద్రంగా ఉంది!”

చాచా అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: “గాయన అబద్ధమాడే మనిషి కాదు బేటీ. నువ్వు ముట్టినయన్నవ్. ఇప్పుడు రాలేదంటే నా ఇజ్జత్ ఏంగావాలె? నువ్వే తేల్చు. తేలకపోతే లెక్కలకు ఇంకొకరిని చూసుకుంట.”

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఇలా పంపాను:

“అయ్యా, మీరు కట్టలేదని అనడం లేదు. మాకు చేరలేదు. ఖాతా చూడకుండా నేను ఆ బొమ్మ పెట్టడం తప్పే. మా బిల్లు, మీరు వేశానన్న రోజు నుంచి ఇవాళ్టి దాకా మా బ్యాంకు స్టేట్‌మెంట్ పంపుతున్నాను. అందులో మీ డబ్బు లేదు. మీ పాసుబుక్కులో ఆ ఒక్క లైను ఫొటో పంపండి. తారీఖు, లావాదేవీ నంబరు, డబ్బు ఎవరికి వెళ్లిందో ఆ పేరు కనిపిస్తే చాలు. మిగతావి మూసేయండి. పిన్ను మాత్రం ఎవరికీ చెప్పొద్దు.”

మా స్టేట్‌మెంట్‌లో కూడా మిగతా గిరాకీల పేర్లు నల్లగా కొట్టేశాను. ఒకరి లెక్క ఇంకొకరికి చూపించకూడదు కదా.

జవాబు రాలేదు. రెండో రోజు మనిషే వచ్చాడు. బ్యాంకులో ఎంట్రీలు కొట్టించిన పాసుబుక్కు నా బల్ల మీద పడేశాడు.

“ఇన్నేళ్లలో నన్నెవరూ పాసుబుక్కు అడగలేదు. చూసుకో!”

చూశాను. ఆయన చెప్పిన తారీఖే. ముప్పై రెండు వేలు నిజంగానే వెళ్లాయి. పక్కన పన్నెండు అంకెల నంబరు. దాని పక్కన పేరు మళ్లీ మళ్లీ చదివాను. అది చాచా తమ్ముడి దుకాణం.

అన్నదమ్ములు వేరుపడి రెండేళ్లు. బస్టాండు దగ్గరి పాత దుకాణం, దాని పేరు, ఖాతా తమ్ముడికి వెళ్లాయి. చాచా ఈ షెడ్డు వేసుకున్నాడు. మాటల్లేవు. పెద్దాయన మాత్రం ఎప్పుడో ఫొటో తీసి దాచుకున్న పాత దుకాణం క్యూఆర్ స్కానర్‌కే డబ్బు కొట్టాడు. పోయిన ఫోనులోని ఆ ఫొటో కొత్త ఫోనులోకి కూడా వచ్చి కూర్చుంది.

“మీరు కట్టిన్రు. మాకు రాలే. రెండూ నిజమేనయ్యా,” అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“అయితే నాదీ తప్పేనా?”

“బిల్లు మీద కొత్త స్కానర్ వెయ్యాల్సింది మేము గద.”

చాచా ఆ పేరు మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. తమ్ముడికి నేను ఫోన్ చేస్తానంటే వద్దన్నాడు. తనే చేశాడు. పక్కనే ఉన్నాను కాబట్టి అవతలి గొంతు కూడా వినిపించింది.

“మనయి కావని తెల్సు భయ్యా. పక్కకు పెట్టిన. ఫోన్ చేద్దామనే అనుకున్న. నువ్వు ఎత్తవేమో అని...”

“ఎత్తకపోదునా?” అన్నాడు చాచా. తర్వాత మా ఖాతా నంబరు చదివి వినిపించాడు. పక్కకు పెట్టానన్న తమ్ముడి మాట నిజమో, అడిగాక పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. గంటలో డబ్బు పడింది. ఈసారి ఖాతా తెరిచి కళ్లతో చూశాకే చెప్పాను.

రశీదు రాయబోతూ అడిగాను: “ఏ తారీఖు వెయ్యాలె చాచా? మనకు పడింది ఇయ్యాల గద.”

“మన పుస్తకంల ఇయ్యాల్టిదే రాయి. రశీదుల మాత్రం రెండూ రాయి. ముందుగాల ఆయన కట్టిన రోజు.”

అలాగే రాశాను. పెద్దాయన దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, పాసుబుక్కులో ఆ పేజీ దగ్గరే పెట్టుకున్నాడు.