అమ్మని నిద్రకి తెచ్చాక

"టీ పెట్టుకోనా?" అని మా అమ్మ నన్ను అడిగినప్పుడే నాకు భయం పట్టుకుంది. వంటింటి గుమ్మం దాటకుండా, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడి అడిగింది. నాన్న నైట్ షిఫ్టులకి వెళ్లిన ఏళ్లన్నీ ఇంటిని ఒంటిచేత్తో నడిపిన మనిషి!

నాన్న కర్మలయ్యాక, మా వైపు ఆచారం ప్రకారం ఒక్క రాత్రి నిద్రకని అమ్మని, మేముండే ఈ హిందీ ఊళ్లోనే రిసాలి పేటలో ఉన్న వాళ్లింటి నుంచి మా క్వార్టర్‌కి తెచ్చాను. తెల్లారితే దిగబెట్టాలి. దిగబెట్టలేదు. ఒక్కతే బాత్రూంలో పడిపోతేనో, బీపీ మాత్ర మరిచిపోతేనో అని వారాల తరబడి ఉంచేసుకున్నాను. ఆవిడకొచ్చిన ఫోన్లు నేనే ఎత్తాను. పెన్షన్ పనికి బ్యాంకుకి నేనే తిరిగి, ఆవిడ చేత సంతకాలు మాత్రం పెట్టించాను. అందరూ మెచ్చుకున్నారు.

టీకి అలా అడిగిన రోజే విజయనగరం నుంచి మావయ్య ఫోన్ చేశాడు. "ఆ ఇల్లు అద్దెకిచ్చీండి. ఒంటరి ఆడది, రేపేటైనా అయితే లోకమేటంటాది?"

"లోకాన్ని కాదు మావయ్యా, మీ అక్కని అడుగు," అని ఫోన్ అమ్మ చేతికిచ్చాను.

"నేను మా ఇంటికెళ్లిపోతాన్రా," అని ఫోన్ పెట్టేసి, అమ్మ నాకేసి తిరిగింది. "మీ నాన్న నైట్ షిఫ్టుకెళ్తే నాకు కాపలా ఎవరే? నువ్వే. పక్క తడిపీసేదానివి."

మా పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు అడిగాను, ఇన్నాళ్లలో మొదటిసారి: "మరి నన్నేం చెయ్యమంటావు?"

"బ్యాంకుకి తోడు రా, మాట్లాడేది నేను. మీ నాన్న బీరువా నేను చెప్పేదాకా ముట్టుకోకు. పొద్దున్నే నేనే ఫోన్ చేస్తాను. గంటగంటకీ నువ్వు చెయ్యకు."

"నీ ఫోన్ రాకపోతే?"

"నువ్వు చెయ్యి. ఎత్తకపోతే ఎదురింటి దీదీకి చెప్పు. ఒక తాళంచెవి ఆవిడకిస్తాను."

బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ పెట్టిస్తానన్నాను. ఒప్పుకుంది. హాల్లో కెమెరా అన్నాను.

"నీ పడగ్గదిలో పెట్టుకో," అంది.

వెలుతురుండగానే స్కూటీ మీద దిగబెట్టాను. తలుపు ఆవిడే తీసుకుంది. వెనకే లోపలికి వెళ్లి గ్యాసూ నీళ్లూ చూసి రావాలని మనసు లాగింది. వెళ్లలేదు. మావయ్య మళ్లీ ఫోన్ చేస్తే చేసుకోనీ. అమ్మకి ఏమైనా కావచ్చు. నా ఇంట్లోనూ కావచ్చు. కానీ గుక్కెడు టీకి కూతురి అనుమతి అడిగే మనిషిగా ఆవిడని నేను మాత్రం మార్చను. ఎవరేమన్నా సరే.

మర్నాడు పొద్దున్న స్కూలుకి జడలేస్తుంటే పాప అడిగింది. "అకేలీ ఉంటే అమ్మమ్మకి భయం వెయ్యదా?"

"ఒక్కతే కదా, వెయ్యొచ్చు. వేస్తే చెప్తుంది, అప్పుడు వెళ్దాం. మనకి భయమేసిందని మాత్రం ఆవిడని పట్టుకొచ్చెయ్యకూడదు," అన్నాను. దాని తమ్ముడు కూడా వింటున్నాడని వాడికేసి తిరిగి చెప్పాను: "ఆదివారం వెళ్లాలనుంటే ముందు ఫోన్ చేసి అడగండి. రావద్దంటే ఇంట్లోనే ఆడుకోండి."