ఏడో నంబరు పనికి పేరు లేదు

సైటాఫీసులో అందరూ ఆవిణ్ణి మినిట్సక్క అనేవారు. నాలుగంతస్తుల భవనానికి పునాది తవ్విననాటి నుంచీ ప్రతి సోమవారం మీటింగుకి మినిట్స్ రాసింది ఆవిడే మరి. ఆ పని తీసుకెళ్లి నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల చేతిలో పెట్టి, మేనేజరు నలుగురిలో ఏమన్నాడో తెలుసా? "చూశారా, ఒక్క పేజీలో తేల్చేసింది! మన అక్క రాస్తే చాటభారతమే." అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కడుపు మాత్రం భగ్గుమంది.

ఆ పిల్ల కుదురుగా రాస్తుందని ఏడుపు. 'అక్కా, అక్కా' అంటూ వెనకే తిరుగుతుందని ఇంకా ఏడుపు.

ఆ వారం మినిట్స్ అందరికీ పంపేముందు పిల్ల ప్రతిని అక్కకి చూపించింది. ఎవరొచ్చారు, ఏం నిర్ణయించారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కింద పనుల పట్టిక:

6. కిటికీల కొలతలు పంపడం. బాధ్యత: వడ్రంగి మేస్త్రి. గడువు: బుధవారం. స్థితి: నడుస్తోంది.

7. లిఫ్టు గుంతలో నీళ్లు తోడించి, ఊట రాకుండా పూత వేయించడం. బాధ్యత: సైటు టీము. గడువు: త్వరలో. స్థితి: మొదలవలేదు.

అక్క చూపు ఏడు దగ్గర ఆగింది. సైటు టీమంటే ఎవరు? త్వరలో అంటే ఎప్పుడు? ఒక మనిషి పేరూ ఒక తేదీ లేని పని జరగదని ఆవిడకి తెలియదా! బాగా తెలుసు. తెలిసే "బాగుందమ్మా, పంపేయ్" అంది.

మళ్లీ సోమవారం లిఫ్టు బిగించేవాళ్లు సామానుతో వచ్చి, మోకాల్లోతు నీళ్లు చూసి తిట్టుకుంటూ వెళ్లిపోయారు. మీటింగులో సైటు ఇంజనీరు తాపీమేస్త్రి వైపు, తాపీమేస్త్రి ఇంజనీరు వైపు చూశారు. మేనేజరు పిల్లని కడిగేశాడు. "అక్కా, ఇకనుంచి మీరే రాయండి" అని మినిట్స్ పుస్తకం ఇటు తోశాడు.

కోరుకున్నది ఒళ్లో పడింది. నవ్వొచ్చేదే. ఇంతలో పిల్ల పక్కకి వంగి మెల్లగా అంది: "మీరేం అనుకోకండక్కా. నేను మరీ చిన్న అక్షరాల్లో రాశాను, అందుకే మీకు కనబడి ఉండదు."

అక్క పుస్తకం తెరిచి కలం అందుకుంది. ఛీ, తిట్టినా బాగుండేది!

మీటింగు చివర తను రాసింది చదివి వినిపించడం అక్కకి మొదట్నుంచీ అలవాటు. ఆవిడ చదివింది:

"ఏడు, పాతదే, కొనసాగింపు. లిఫ్టు గుంత నీళ్లు తోడించి పూత వేయించడం. బాధ్యత: సైటు ఇంజనీరు. గడువు: గురువారం. ఆలస్యానికి కారణం: పేరు, తేదీ లేవు. ప్రతి చూసింది నేను. లోపం కనబడింది, చెప్పలేదు."

పిల్ల తల దించుకుంది.

"ఎనిమిది. సోమవారం మినిట్స్ రాయడం. బాధ్యత..." ఆ పిల్ల పేరు పలకడానికి ఆవిడకి ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది. అయినా పలికింది. "గడువు: వచ్చే వారం నుంచి" అని పుస్తకం అటు తోసింది.