ఉపవాసం నాడు అరటిపండు వాసన

హాఫ్ మారథాన్ ఆదివారం. దానికి ముందు బుధవారం సాయంత్రం మా కోచ్ తిండి గురించి క్లాసు పెట్టారు. అదే వేళకు మా సంఘంలో స్త్రీల కూడిక. వాక్యం చెప్పాల్సింది నేను. అందుకని నా తరఫున కూడా విని రమ్మని నా స్నేహితురాలికి చెప్పాను.

మేమిద్దరం కోయంబత్తూరులో ఒకే వీధిలో పెరిగాం. పని ఒకే ఆసుపత్రి లాండ్రీలో, చర్చిలో కూర్చునేది ఒకే బెంచీ మీద. ఆసుపత్రి ఆడవాళ్ల పరుగు బృందంలో కూడా కలిసే చేరాం. ఆ బృందానికి సహాయక కోచ్ కావాలి. మా ఇద్దరిలో ఈ పరుగు ఎవరు ముందు ముగిస్తే వాళ్లకు ఆ పని అన్నారు కోచ్. ఆవిరిలో దుప్పట్లు ఉతికి పుండ్లుపడ్డ నా చేతులకు ఆ పని ఎంత అవసరమో ఆమెకు తెలుసు. "నీకొచ్చినా నాకొచ్చినా ఒకటే కా" అని తనే అంది. అక్కా అనడానికి ఆమె ఎప్పుడూ కా అనేది.

కూడిక అయ్యాక ఆమెను అడిగాను.

"కోచ్ సారు ఏమి చెప్పిరి?"

"లోడు ఎత్తల్లంట కా. కార్బో లోడు."

"లారీకా?"

"మన వయిరుకే, కడుపుకే!" అని నవ్వింది. "శనివారం రాత్రి బిర్యానీ గట్టిగా పట్టిచ్చు. అంతే."

"శనివారం ఉపవాస ప్రార్థన కదా?"

"పగలు ఉపవాసం ఉందాం, రాత్రి తిందాం. నేనూ నీతో ఉంటాను కా. కవలై పడొద్దు, దిగులొద్దు."

నమ్మాను. గురు, శుక్రవారాలు రెండు రోజులూ ఎప్పటిలాగే పప్పు, ఆకుకూర, రెండు ముద్దల అన్నం తిన్నాను. శనివారం పొద్దున్నుంచి నీళ్లు మాత్రమే. ఆమె నా పక్కనే మోకరించింది. మధ్యలో ఫోను వచ్చిందని రెండుసార్లు బయటికి పోయి వచ్చింది. రెండోసారి వచ్చి నా చెయ్యి పట్టుకున్నప్పుడు తన వేళ్లు జిగటగా ఉన్నాయి, అరటిపండు వాసన వేశాయి. ఎవరి బిడ్డకో ఒలిచి పెట్టి ఉంటుందనుకున్నాను. నా పరుగు కోసం ఆమె గొంతెత్తి ప్రార్థించింది. నేను ఆమేన్ అన్నాను.

రాత్రి ఇంటికి పోయి మటన్ బిర్యానీ కడుపు పట్టనంత తిన్నాను. పొద్దున లేచేసరికి నూనె త్రేన్పులు. కడుపు బరువుగా ఉండి ఇడ్లీ ముట్టలేకపోయాను. సగం దూరం దాకా ఆమె వెనకే పరుగెత్తాను. పద్నాలుగో కిలోమీటరు దాటాక కాళ్లలో బలం పిండేసినట్టు పోయింది. తల తేలిపోయింది. అడుగు వెయ్యమని మనసు చెబుతోంది, కాళ్లు వినడం లేదు. మిగతా దారి నడిచాను.

నేను ముగింపు గీత దాటేసరికి ఆమె మెడలో పతకం, పక్కన కోచ్. ఆయన తమిళంలో ఆమెను మెచ్చుకుంటున్నారు. గురువారం నుంచీ ప్రతి పూటా అన్నం, ఇడ్లీ, ఇడియాప్పం పెంచిందట. పప్పు, ఆకుకూర, మాంసం, నూనె తగ్గించిందట. నిన్న రాత్రి పెందలాడే తేలికగా తినిందట. చెప్పింది చెప్పినట్టు చేసిందట.

నేనేం తిన్నానో విని ఆయన తల పట్టుకున్నారు. "రోజంతా ఖాళీ కడుపు, రాత్రికి బిర్యానీయా అమ్మా? రెండు మూడు రోజులు అన్నం, ఇడ్లీలతో ఒంట్లో బలం కొంచెం కొంచెంగా నింపాలని బుధవారమే చెప్పాను గదా. ఒక్క రాత్రిలో నిండుతుందా? పైగా అంత నూనె!"

ఆమె షూ లేసు విప్పుతూ తల ఎత్తలేదు. కోచ్ అటు పోయాక అడిగాను.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఉపవాసం విడుస్తువా కా? నువ్వు పెద్ద భక్తురాలు."

ఆ బుధవారం కూడికలో నేను చెప్పిన వాక్యం ఏదో ఆమెకు తెలియదు. అలసిపోయి చెట్టు కింద పడుకున్న ప్రవక్తను దూత తట్టి లేపి, ముందున్న ప్రయాణం పెద్దది, తిను అంటాడు. ఒకసారి తిని పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ తినిపిస్తాడు. దానిమీద ఎంతసేపు మాట్లాడానో. ఆమె నిజం చెప్పి ఉంటే, ఆ దూత మాటే అనుకుని శనివారం తినేదాన్ని.

పని ఆమెకు వచ్చింది. అది నేను ఓర్చుకోగలను. ఆ అరటిపండు తిన్న నోటితో నా ఉపవాసం పక్కన మోకరించి, నా పేరెత్తి ప్రార్థించింది చూడండి, అది మాత్రం ఇప్పటికీ గొంతు దిగడం లేదు.

తర్వాతి ఆదివారం ప్రభువు బల్ల. అదే బెంచీ. రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చింది. సహోదరి మీద మనసులో కక్ష పెట్టుకుని ఆ రొట్టె తీసుకోకూడదని నేనే ఎందరికో నేర్పాను. పళ్లెం ఆమెకు అందించాను.

"నువ్వు తీసుకోలేదే కా?" అని గుసగుసగా అడిగింది.

"నేను ఉపవాసం ఉండాను" అన్నాను. "నిజ్జంగానే."

ఆమె ఒక ముక్క తీసుకుని, పళ్లెం పక్కవాళ్లకు ఇచ్చింది.